రిగార్డ్సా, థాంక్సా: మెయిల్ చివర ఏది మేలు?

రిలీవింగ్ లెటర్ కోసం పాత ఆఫీసు హెచ్‌ఆర్‌కి మెయిల్ రాస్తున్నారనుకోండి. మన ఆఫీసుల్లో చివర పడేది ‘థాంక్స్ అండ్ రిగార్డ్స్’. అది సిగ్నేచర్‌లో దానంతటదే వస్తుందని అందరికీ తెలుసు కనుక ఎవరూ చదవరు. ముందు దాన్ని అక్కణ్నుంచి తీసేయండి. జీమెయిల్‌లో Settings, See all settings, General, Signature దగ్గరికెళ్లి పేరు, హోదా, ఫోన్ నంబరు మాత్రం ఉంచండి. లేకపోతే మీరు ‘థాంక్స్’ అని రాసిన కిందే ఇంకోసారి ‘థాంక్స్ అండ్ రిగార్డ్స్’ కనిపించి, మొదటిది కూడా ఉత్తదే అనిపిస్తుంది.

పని అడిగేటప్పుడు థాంక్స్‌దే పైచేయి. బూమరాంగ్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2017లో మూడున్నర లక్షలకు పైగా మెయిల్ సంభాషణలు లెక్కగట్టింది. ‘థాంక్స్’తో ముగిసినవాటికి 63 శాతం జవాబులొచ్చాయి, ‘రిగార్డ్స్’కి 53.5, ఒట్టి ‘బెస్ట్’కి 51.2. అన్నిటికన్నా పైన 65.7తో ‘థాంక్స్ ఇన్ అడ్వాన్స్’. ఇదంతా ఆ మాట మహిమే అనుకోనక్కర్లేదు. థాంక్స్ చెప్పేవాళ్లు ఎక్కువగా ఏదో అడుగుతూ రాస్తారు, అడిగితే జవాబు రావడం మామూలే. పైగా ‘ఇన్ అడ్వాన్స్’ని పైవాళ్లకి రాస్తే, ఒప్పుకోకముందే పని అప్పజెప్పినట్టుంటుంది. హెచ్‌ఆర్‌కైతే ఇది చాలు: ‘సోమవారం కొత్త కంపెనీలో చేరాలి. శుక్రవారంలోగా లెటర్ పంపగలరా? థాంక్స్.’ లెటర్ వచ్చాక దేనికో చెప్పి మరీ రాయండి: ‘అందింది, తేదీలు సరిపోయాయి. అడిగిన రోజే పంపినందుకు థాంక్స్.’ ఆప్యాయత తెలిసేది ఈ రెండోదాంట్లోనే.

రిగార్డ్స్ చల్లారిన కాఫీ లాంటిది, తప్పేమీ లేదు. ముఖపరిచయం లేనివాళ్లకి, ఫిర్యాదుకి, బాకీ గుర్తుచేయడానికి అదే నయం. చిక్కల్లా మధ్యలో మార్చినప్పుడు వస్తుంది. నాలుగు మెయిళ్లు ‘వార్మ్ రిగార్డ్స్’ అని, ఐదోది ‘రిగార్డ్స్’తో ఆపేస్తే అవతలివాళ్లు కోపమొచ్చిందనుకుంటారు. అందుకే మొదటి మెయిల్‌లో ఎంత చనువు చూపారో చివరిదాకా అంతే ఉంచండి, లేదా కాస్త పెంచండి.

తెలుగులో రాస్తే ఎంపిక ఇంకా తేలిక. దరఖాస్తుకి ‘ఇట్లు, తమ విధేయుడు’ సరిపోతుంది. పెద్దవాళ్లకి ‘నమస్కారాలతో’, సాయం అడిగితే ‘ధన్యవాదాలతో’, చుట్టాలకీ స్నేహితులకీ ‘ఉంటాను మరి’. ‘వార్మ్ విషెస్’ని మాత్రం ‘వెచ్చని శుభాకాంక్షలు’ చేయకండి. మన ఎండలకి అది దీవెనలా వినబడదు. మనవాళ్లు మనసారా దీవిస్తే ‘చల్లగా ఉండు’ అనే అంటారు.