బాత్రూంలో వాషింగ్ మెషిన్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

బాత్రూంలో వాషింగ్ మెషిన్ పెట్టొచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: సాకెట్ ఎక్కడ వస్తుంది? చాలామంది కుళాయి ఎక్కడుంది, నీళ్లు పోయే జాలీ ఎక్కడుంది అని చూసి మెషిన్‌కి చోటు ఖాయం చేస్తారు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దాని పక్కనే బోర్డు పెట్టమంటారు. నా అనుభవంలో ఇది తలకిందుల పద్ధతి. నీళ్ల పైపుని ఎటైనా తిప్పుకోవచ్చు. కరెంటుకి పనికొచ్చే చోటు మాత్రం బాత్రూంలో ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి అసలు ఉండదు.

మాది నీళ్లు వేడిచేసే హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్ మెషిన్. తలుపు పక్క మూలలో, షవర్‌కి ఎదురు గోడకి ఆనించి ఉంది. కొన్నేళ్లుగా దాదాపు రోజూ నడుస్తోంది. అక్కడే పెట్టడానికి కారణం సాకెటే. తొట్టి లేని బాత్రూంలో గోడకున్న షవర్ నుంచి 1.2 మీటర్ల లోపల సాకెట్ ఉండకూడదని ఐఈసీ 60364-7-701 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం చెబుతుంది. స్నానపు తొట్టి ఉంటే దాని అంచు నుంచి 60 సెంటీమీటర్లు వదలాలి. కొన్ని దేశాల్లో నియమం ఇంతకంటే కఠినంగా ఉంటుంది కాబట్టి మీరున్న చోట ఏది అమల్లో ఉందో ఎలక్ట్రీషియన్‌ని కనుక్కోండి. హ్యాండ్ షవర్ ఉన్నవాళ్లు ఆ గొట్టం సాగదీస్తే ఎంత దూరం అందుతుందో కూడా చూసుకోవాలి. ప్రమాణం గోడకున్న చోటు నుంచి కొలుస్తుంది గానీ నీళ్లు గొట్టం అందినంత మేరా చిమ్ముతాయి.

మా సాకెట్ షవర్‌కి దాదాపు రెండు మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున, మెషిన్ వెనక కాకుండా పక్క గోడకి ఉంది. స్విచ్ మాత్రం తలుపు బయట. తడి కాళ్లతో, తడి చేత్తో ప్లగ్ ముట్టుకునే అవసరమే రాదు. వైరు సాకెట్ నుంచి నేరుగా మెషిన్‌కి బిగుతుగా పోకుండా ఒక మలుపు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళుతుంది. వైరు మీద నీటి బొట్టు జారితే ఆ మలుపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్‌లోకి గానీ మెషిన్‌లోకి గానీ పాకదు. నీళ్లు పడని మూత ఉన్న సాకెట్ కొనేటప్పుడు ప్లగ్ పెట్టి ఉండగా మూత పూర్తిగా మూసుకుంటుందో లేదో షాపులోనే చూసుకోండి. కొన్నింటికి మూత ప్లగ్ తీసేసినప్పుడే మూతపడుతుంది. మెషిన్ నడుస్తున్నంతసేపూ తెరిచి ఉండే మూత మనకు పనికిరాదు.

హీటర్ 2000 వాట్లు లాగితే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంప్స్ అవుతుంది. అందుకే 16 ఆంప్స్ సాకెట్, బోర్డు నుంచి విడిగా లైను, ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎర్తింగ్ లేకపోయినా మెషిన్ బాగానే నడుస్తుంది, అదే ఇందులో ఉన్న ప్రమాదం. లోపలి ఫిల్టర్ సర్క్యూట్ వల్ల రేకు మీద కొద్దిగా కరెంటు నిలుస్తుంది. ముట్టుకుంటే జుమ్మంటుంది. పొడి గదిలో చాలామంది ఇది పట్టించుకోరు. తడి నేల మీద నిలబడి ముట్టుకునే చోట మాత్రం అది వెంటనే మెషిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిన సంకేతం.

ఆర్‌సీసీబీ విలువ మాకు ఒకసారి బాగా తెలిసింది. చన్నీళ్ల వాష్ పెడితే ఏ గొడవా లేదు, వేడినీళ్ల వాష్ పెడితే కొన్ని నిమిషాలకి ఇంట్లో కరెంటు పోయేది. నీళ్లు నిండి హీటర్ వెలిగే సమయానికే ట్రిప్ అవుతోందని గమనించాక అనుమానం హీటర్ మీదికి వెళ్లింది. మెకానిక్ మీటర్ పెట్టి చూస్తే హీటర్ రాడ్డుకి పగులు వచ్చి లోపలికి నీళ్లు దిగాయి. రాడ్డు మార్చాక సమస్య పోయింది. ఊరికే ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీ తీయించేసే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ఇక నీళ్లు పోయే పైపు. ఈ ఏర్పాటులో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. "పైపు తీసుకెళ్లి కింద జాలీలో పెట్టేస్తే సరిపోతుంది కదండీ" అన్నారు మా ప్లంబర్ గారు. పంపు లేని టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్ మెషిన్లకు అది నిజమే. వాటిలో నీళ్లు బరువుతో దిగాలి కాబట్టి పైపు కిందే ఉండాలి. ఫ్రంట్ లోడ్‌లో అయితే పంపు నీళ్లని పైకి ఎత్తి పోస్తుంది, డ్రమ్ముకి డ్రెయిన్ పైపుకి మధ్య వాల్వు ఉండదు. పైపు చివర నేల మీద ఉంటే ఒకసారి పారడం మొదలైన నీరు పంపు ఆగినా సైఫన్ పట్టి పోతూనే ఉంటుంది.

మేము గోడకి నిలువు పైపు పెట్టించాం. 50 మిల్లీమీటర్ల పైపు, పై మూతి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున. చాలా మాన్యువల్స్‌లో 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండమని రాసి ఉంటుంది. మెషిన్ పైపుని ప్లాస్టిక్ కొక్కెంతో వంచి అందులోకి పది పదిహేను సెంటీమీటర్లే దించాం. చుట్టూ ఖాళీ వదిలేశాం. సీలు చేస్తే నీట్‌గా కనిపిస్తుంది గానీ గాలి ఆడక మళ్లీ సైఫనే పడుతుంది. నిలువు పైపు కింది చివర నేలలోని ఫ్లోర్ ట్రాప్‌లోకి వెళుతుంది. ఆ ట్రాప్‌లో నిలిచిన నీళ్లే మురుగు వాసన పైకి రాకుండా ఆపుతాయి.

ఒకసారి మెషిన్‌కి సర్వీసింగ్ చేయడానికి వచ్చినాయన దాన్ని ముందుకి లాగి, పని అయ్యాక పైపుని నేల మీదే వదిలేసి వెళ్లారు. మర్నాడు వాష్ అవ్వడానికి మామూలు కంటే రెట్టింపు సమయం పట్టింది, బట్టల్లో సబ్బు పట్టినట్టే లేదు. రెండోసారి వేసి దగ్గర నిలబడి చూశాం. కుళాయి నుంచి నీళ్లు లోపలికి వెళుతున్న శబ్దం ఆగడం లేదు, గాజు తలుపులోంచి చూస్తే డ్రమ్ములో నీటిమట్టం పెరగడం లేదు, నేల మీదున్న పైపు చివర నుంచి సన్నగా ధార పోతోంది. పంపు మోత మాత్రం లేదు. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అది సైఫనే, మెషిన్‌లో లోపం కాదు. పైపు ఎత్తి కొక్కేనికి తగిలించగానే సర్దుకుంది.

నిలువు పైపుకి ఇంకో పరీక్ష ఉంది, అది కట్టిన రోజునే చేయాలి. పంపు నీళ్లని జోరుగా నెడుతుంది, ట్రాప్ అంత వేగంగా మింగాలి. నీళ్లు నిండిన మెషిన్‌ని డ్రెయిన్‌లో పెట్టి పైపు మూతి దగ్గర చూడండి. నీటిమట్టం పైకి ఎగబాకుతూ ఉంటే, లేదా జాలీలోంచి నురగ పైకి వస్తుంటే దారి ఇరుకుగా ఉన్నట్టు. మొదట్లో బాగుండి తర్వాత ఇలా అయితే కారణం ఎక్కువగా బట్టల పీచూ, జుట్టూ కలిసి ట్రాప్‌లో ఉండ కట్టడమే. బాత్రూంలో ఈ రెండూ ఒకే చోటికి చేరతాయి కాబట్టి మామూలు కంటే తరచుగా ట్రాప్ శుభ్రం చేయాల్సి వస్తోంది. ఇది ఈ ఏర్పాటుకున్న అసలైన శ్రమ, ముందే చెప్పడం మంచిది.

కుళాయి విషయం సులువు. మెషిన్ హోస్‌కి ముప్పావు అంగుళం మర ఉన్న వాషింగ్ మెషిన్ ట్యాప్ కావాలి. దాన్ని మెషిన్ వెనక కాకుండా పక్కన చేతికి అందేలా పెట్టించండి, ఎందుకంటే వాష్ అయిన ప్రతిసారీ కట్టేయాలి. హోస్ నట్టు చేత్తో బిగిస్తే చాలు. నీటిని ఆపేది లోపలి రబ్బరు వాషర్, టెఫ్లాన్ టేపు కాదు. షవర్‌కి వెళ్లే సన్నని లైను నుంచి పాయ తీయకపోతే మేలు. మెషిన్ వాల్వు టప్పున మూసుకున్నప్పుడల్లా ఆ లైనంతా అదురుతుంది, మెషిన్ నీళ్లు తీసుకుంటున్నంతసేపూ స్నానం చేసేవాళ్లకి నీళ్లు తగ్గుతాయి. ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉంటే ముందు ఒత్తిడి చూసుకోండి. కొన్ని మెషిన్లకి కనీసం 0.3 బార్ కావాలి, అంటే ట్యాంకులోని నీటిమట్టం మెషిన్ కంటే దాదాపు 3 మీటర్లు పైన ఉండాలి.

చిమ్మే నీళ్ల గురించి మాకు మొదట చాలా టెన్షన్ ఉండేది. షవర్‌కి, మెషిన్‌కి మధ్య గాజు పలక పెట్టాక ఆ టెన్షన్ పోయింది. ఏళ్లు గడిచాక చూస్తే మెషిన్‌ని తినేసేది షవర్ చినుకులు కాదు, కింది నుంచి వచ్చే తడీ, ఆవిరీ. వెనక రేకు స్క్రూల దగ్గర, అడుగు అంచున కొద్దిగా తుప్పు కనిపిస్తోంది. పైభాగం, ముందు భాగం మాత్రం కొత్తలో ఉన్నట్టే ఉన్నాయి. పది సెంటీమీటర్ల ఎత్తు సిమెంటు దిమ్మ లేకపోతే ఆ తుప్పు ఇంకా ముందే మొదలయ్యేది. దిమ్మ వల్ల ఇంకో లాభం: బాత్రూం నేల జాలీ వైపు వాలుగా ఉంటుంది, దిమ్మ పైభాగం మట్టంగా ఉంటుంది కాబట్టి స్పిన్‌లో మెషిన్ నడక మొదలుపెట్టదు.

మెషిన్ మొత్తాన్ని కప్పే ప్లాస్టిక్ కవరు వేయకండి. లోపల తడి చిక్కుకుని తుప్పుకి అదే సాయం చేస్తుంది. మేము పైన ఒక షీటు మాత్రం పరుస్తాం. వాష్ అయ్యాక మెషిన్ తలుపు కాస్త తెరిచి ఉంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. అలా చేయని వారాల్లో తలుపు రబ్బరు మడతల్లో నల్లటి బూజు వెంటనే కనిపిస్తుంది. టైల్స్‌కి, కమోడ్‌కి యాసిడ్ క్లీనర్ వాడేవాళ్లు ఒక్కటి గమనించండి. ఆ పొగ ఇనుముకీ, సాకెట్ లోపలి కాంటాక్టులకీ చేటు. వాడిన రోజు గదిని బాగా కడిగి, గాలి ఆడనివ్వాలి.

కొనేముందు మాన్యువల్‌లో ఇన్‌స్టలేషన్ పేజీ చదవండి. తడి గదిలో పెట్టొద్దని కొన్ని కంపెనీలు స్పష్టంగా రాస్తాయి, అలాంటప్పుడు వారంటీ విషయం ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. మెషిన్‌తో వచ్చే వైరు సాధారణంగా మీటరున్నర పొడవే ఉంటుంది. షవర్‌కి దూరంగా, ఆ వైరు అందేలా సాకెట్‌కి చోటు కుదిరితే ఈ ఏర్పాటుని నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు వేస్తే తప్ప కుదరని బాత్రూం అయితే మెషిన్‌ని బయటే పెట్టుకుని, నీళ్ల పైపులనే గోడ దాటించండి.