మొటిమ పోవాలి, చర్మం మిగలాలి: మూడేళ్ల స్నాప్‌సీడ్ వాడకం

విజయవాడ ఎండలకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా ముఖం మీద మొటిమో చెమటకాయో లేస్తూనే ఉంటుంది. వారంలో అది మానిపోతుంది, ఫోటోలో మాత్రం ఉండిపోతుంది. అందుకే మూడేళ్లుగా ఫోటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లోని Healing అనే సాధనం వాడుతున్నాను. ఉచితం. అంతకుముందు ముఖమంతా ఒకేసారి నునుపు చేసే యాప్ ఒకటి ఉండేది. మొటిమతో పాటు చర్మరంధ్రాలను, పై పెదవి మీది నూగును కూడా తుడిచేసి ముఖానికి మైనం పూసినట్లు చేసేది. Healing అలా కాదు. మచ్చ ఉన్న చోట చుట్టుపక్కల చర్మాన్ని తెచ్చి అతుకు వేస్తుంది, మిగతా ముఖం జోలికి పోదు.

మొన్న మే నెలలో ప్రకాశం బ్యారేజీ దగ్గర సాయంత్రం వేళ చెల్లితో సెల్ఫీ దిగాను. నా గడ్డం మీద మొటిమ, దాని చుట్టూ ఎర్రటి వలయం. జూమ్ చేయకుండా నొక్కితే అతుకు మరీ పెద్దదై గడ్డం కింది నీడ గీత చెదిరింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది: ఎంత దగ్గరికి జూమ్ చేస్తే కుంచె ముఖం మీద అంత చిన్నదవుతుంది. వెనక్కి బాణం నొక్కి, మొటిమ తెర మీద వేలి కొనంత కనిపించేదాకా జూమ్ చేసి, ఒక్కసారి నొక్కాను. ఉబ్బు పోయింది, రంధ్రాలు నిలిచాయి.

ఎరుపును మాత్రం Healing‌తో తుడవలేదు. అంత మేర అతుకు వేస్తే మచ్చ కన్నా అతుకే ముందు కనిపిస్తుంది. Brush‌లో రంగు గాఢతను మార్చే Saturation ఎంచుకుని -5 దగ్గర పెట్టి ఆ వలయం మీద తేలికగా రుద్దాను. -10కి పోతే నా చామనఛాయ బూడిద రంగులోకి తిరుగుతుంది.

పెదవి అంచు, కనుబొమ, జుట్టు మొదలయ్యే చోటు జాగ్రత్తగా చూసుకోవాలి. పక్కన వెంట్రుక ఉంటే అతుకులో వెంట్రుకే వస్తుంది. పని అయ్యాక దగ్గరగా చూస్తాను: ఒకే రకం చుక్కల వరస రెండు చోట్ల కనిపిస్తే అతుకు దొరికిపోయినట్లే. వెనక్కి వెళ్లి, జూమ్ కాస్త మార్చి మళ్లీ నొక్కుతాను.

ఫోను కెమెరాలో అందం పెంచే సదుపాయాన్ని ముందే ఆపేయాలి. అది ముందుగానే రంధ్రాలను తుడిచేస్తే అతుకు వేయడానికి అసలు చర్మం మిగలదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కాకుండా కెమెరాలోని అసలు ఫోటోనే దిద్దాలి.

చెల్లి పక్కనే కూర్చుని, "అక్కా, నా పుట్టుమచ్చ తీయకు" అంది. తీయలేదు. అది వారంలో పోయేది కాదు, ఆమె ముఖంలో భాగం. పాత మొటిమల గుంటలు గుంపుగా ఉన్న చోట కూడా దీన్ని వాడను. పక్కన తెచ్చుకోవడానికి సాఫీ చర్మం ఉండదు కాబట్టి గుంట స్థానంలో మరో గుంటే వచ్చి కూర్చుంటుంది.