తెల్లని డాపుల్ డాషౌండ్ పిల్లను కొనబోతున్నవారికి జాగ్రత్త హెచ్చరిక

హైదరాబాద్‌లో డాషౌండ్ కుక్కపిల్ల కోసం వెతుకుతున్నవారు, ముఖ్యంగా "రేర్ వైట్", "డబుల్ డాపుల్", "బ్లూ", "ఇసబెల్లా" అన్న పేర్లతో వచ్చే ప్రకటనలు చూసి అడ్వాన్సు పంపబోతున్నవారు, పంపే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. కొంపల్లి వైపు ఇంట్లోనే పిల్లలను పెట్టించి అమ్ముతున్న ఒక వ్యక్తి దగ్గర మేము తీసుకున్న పిల్లకు రెండు చెవులూ వినిపించవని, ఎడమ కంటికి చూపు లేదని పశువైద్యులు తేల్చారు. ఇది తగిలిన దెబ్బ వల్లనో సోకిన జబ్బు వల్లనో వచ్చినది కాదు. ఏ కుక్కకు ఏ కుక్కను జతకట్టించారన్న దానిలోనే ఉంది కారణమంతా. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆలోచనలో ఉన్నందువల్ల అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు.

పిల్ల రూపం ఇలా ఉంటుంది: ఒళ్లంతా తెలుపు, తల మీద, తోక మొదట్లో కాస్త బూడిదరంగు మచ్చలు, గులాబీరంగు ముక్కు, రెండూ నీలికళ్లు. తల్లి డాపుల్, అంటే నలుపు మీద బూడిదరంగు చెదురుమదురుగా పరుచుకున్న కుక్క. తండ్రిని వీడియోలో చూపించారు. లేత ఎరుపు, ఒంటి మీద ఒక్క నల్లవెంట్రుక లేదు, ఒక్క మచ్చ లేదు. "తండ్రి డాపుల్ కాదు కదా సార్, ఇక భయమేముంది, ఇది మామూలు పైబాల్డ్ తెలుపే" అన్నది అమ్మకందారు మాట. పైబాల్డ్ అంటే ఒంటి మీద పెద్ద తెల్లమచ్చలు వచ్చే మరో రంగు తీరు. నేను మీ అందరి దృష్టికి తేదలచుకున్నది ఆ మాటనే, ఎందుకంటే వినడానికి అది పూర్తిగా సమంజసంగానే ఉంటుంది.

డాషౌండ్లలో డాపుల్ అనేదాన్నే మిగతా జాతుల్లో మెర్ల్ అంటారు. కుక్కల పదవ క్రోమోజోము మీద పీఎంఈఎల్ అనే జన్యువు ఉంది. వెంట్రుకకు రంగునిచ్చే రేణువులు సరిగా తయారు కావడానికి అది అవసరం. ఆ జన్యువులోకి ఎప్పుడో ఒక అదనపు డీఎన్ఏ ముక్క వచ్చి చేరింది. దానివల్ల నల్లరంగు కొన్నిచోట్ల పలచబడి బూడిదరంగవుతుంది, కొన్నిచోట్ల అలాగే నిలుస్తుంది. ప్రతి కుక్కకూ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి. ఒక ప్రతిలో మాత్రమే ఆ ముక్క ఉంటే మనకు కనిపించే అందమైన డాపుల్ వస్తుంది. పరీక్ష నివేదికలో దాన్ని M/m అని రాస్తారు. రెండు ప్రతుల్లోనూ ఉంటే M/M, అంటే డబుల్ మెర్ల్. ప్రకటనల్లో డబుల్ డాపుల్ అనేది దీన్నే. అప్పుడు రంగు పలచబడటంతో ఆగక చాలాచోట్ల పూర్తిగా మాయమై తెలుపు మిగులుతుంది.

తెలుపుకూ చెవుడుకూ ఏమిటి సంబంధమని మా ఇంట్లో పెద్దలు అడిగారు. చాలామందికి వచ్చే సందేహమే అది. రంగును తయారుచేసే కణాలు చర్మంలోనే కాక లోపలి చెవిలోనూ ఉంటాయి. అక్కడ వాటి పని రంగు వేయడం కాదు. చెవిలోపలి ద్రవంలో పొటాషియం తగినంత ఉండేలా చూడడం. ఆ కణాలు లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నని కణాలు బతకలేవు, పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే నశిస్తాయి, మళ్లీ పుట్టవు. కంటి ఎదుగుదల కూడా ఇదే విధంగా దెబ్బతింటుంది. కనుగుడ్డు ఉండవలసినదానికంటే చిన్నదిగా ఉండడం, కంటిపాప మధ్యలో కాక పక్కకు జరిగి ఉండడం, దాని అంచు గుండ్రంగా లేక చీలికలుగా ఉండడం డబుల్ మెర్ల్ పిల్లల్లో తరచుగా కనిపించే లోపాలు. మా పిల్ల ఎడమ కన్ను కుడి కంటికంటే చిన్నది, మూడో రెప్ప సగం కప్పి ఉంటుంది. అమ్మే సమయంలో అది "నిద్రమత్తు" అన్నారు.

డబుల్ మెర్ల్ పిల్లలన్నీ చెవిటివే పుడతాయని కాదు. అమెరికాలో 153 మెర్ల్ కుక్కలను పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, డబుల్ మెర్ల్‌లలో 10 శాతానికి ఒక చెవి, 15 శాతానికి రెండు చెవులూ పనిచేయవని తేలింది. ఒకే ప్రతి ఉన్నవాటిలో ఆ అంకెలు 2.7, 0.9 శాతం మాత్రమే. అందువల్ల నా అభ్యంతరం డాపుల్ కుక్క మీద కాదు. డాపుల్‌కు మెర్ల్ అసలే లేని కుక్కను జతకట్టిస్తే సగటున సగం పిల్లలు డాపుల్ అవుతాయి, డబుల్ మెర్ల్ పుట్టదు. రెండు డాపుల్‌లను కలిపితే మాత్రం పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు డబుల్ మెర్ల్ అయ్యే అవకాశం ఉంటుంది.

మరి తండ్రి డాపుల్ కాకపోతే మా పిల్ల ఇలా ఎలా పుట్టింది? మెర్ల్ పలచబరచేది నల్లరంగును, దాని నుంచి వచ్చే చాక్లెట్ రంగును మాత్రమే. ఎరుపు, గోధుమ, క్రీమ్ రంగుల మీద దాని ప్రభావం దాదాపుగా కనిపించదు. వెంట్రుకల్లో నల్లరంగు అసలే తయారుకాని కుక్కలు కొన్ని ఉంటాయి. నివేదికలో వాటిని e/e అని చూపిస్తారు. అటువంటి కుక్కలో మెర్ల్ ఉన్నా, పలచబడడానికి నలుపే లేదు కనుక, కంటికి తెలిసే మార్గం లేదు. తెల్లకాగితం మీద సున్నంతో గీసిన ముగ్గు లాంటిది అది. ముచ్చటైన లేత ఎరుపు రంగుతో, మచ్చ లేకుండా కనిపించే మగకుక్క తన పిల్లల్లో సగానికి మెర్ల్‌ను అందిస్తూ ఉండవచ్చు.

మేము పిల్ల బుగ్గ లోపలి నుంచి స్వాబ్ తీయించి, మెర్ల్ పరీక్షకూ, నల్లరంగు తయారీకి సంబంధించిన ఈ రెండో పరీక్షకూ పంపించాము. మొదటిది M/M, రెండోది E/e అని వచ్చాయి. తండ్రిని పరీక్షించే అధికారం మాకు లేదు, అవసరమూ లేదు. రెండు M ప్రతులు ఒకే తల్లి నుంచి రావు కనుక, ఒకటి తప్పనిసరిగా తండ్రిదే. పిల్లకు ఒక e ప్రతి కూడా ఉండడం, తండ్రి నల్లరంగు లేని e/e కుక్క అన్న మాటకు సరిపోతోంది. ఒకవేళ చూపించిన మగకుక్క అసలు తండ్రే కాదని ఎవరైనా వాదించినా, అసలు తండ్రి ఎవరైనా అతను మెర్ల్ మోసేవాడేనన్న నిర్ణయం మారదు. పైబాల్డ్ అన్న వాదన కూడా ఇక్కడితో ముగుస్తుంది: పైబాల్డ్ తెలుపు వేరే జన్యువు వల్ల వస్తుంది, అది M/M ఫలితాన్ని పుట్టించదు.

నివేదిక చూపించిన తరువాత అమ్మకందారు డబ్బు తిరిగి ఇస్తామనలేదు; "మార్చి ఇస్తాను, ఇంకా ఖరీదైన బ్లూ పిల్ల ఉంది, అదే ధరకు తీసుకోండి" అన్నారు. చెవిటి పిల్లను తిరిగి తీసుకుని ఏం చేస్తారని అడిగితే జవాబు లేదు, కనుక పిల్ల మా దగ్గరే ఉంది. కానీ ఆ బ్లూ పిల్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మార్పిడి రేపు మీకూ చూపించవచ్చు.

బ్లూ అంటే పలచబడిన నలుపు, ఇసబెల్లా అంటే పలచబడిన చాక్లెట్. మెర్ల్ మాదిరిగా మచ్చలుగా కాక, ఒళ్లంతా ఒకే తీరుగా పలచబడుతుంది. ముక్కు, పాదాల మెత్తలు కూడా ఆ రంగులోకే మారతాయి. దీనికి కారణం ఎంఎల్‌పీహెచ్ అనే మరో జన్యువు. రంగు రేణువులను కణం అంచులకు మోసుకుపోయే పనిలో అది భాగం. అది చెడితే రేణువులు సమానంగా పరచుకోక ముద్దలు కడతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడిన ప్రతులూ వస్తేనే, అంటే నివేదికలో d/d ఉంటేనే, ఈ రంగు వస్తుంది. చెడిన ప్రతి ఒకటి మాత్రమే ఉన్న కుక్క మామూలు నలుపుగానే కనిపిస్తుంది.

ఆ ముద్దలు వెంట్రుక లోపల పెరిగి దాన్ని బలహీనపరుస్తాయి. వెంట్రుక విరుగుతుంది, కుదురు మూసుకుపోతుంది, వీపు మీద జుట్టు పలచబడి పొలుసులు లేస్తాయి, ఆపైన చీముకురుపులు మొదలవుతాయి. దీన్ని కలర్ డైల్యూషన్ అలోపేషియా అంటారు. కొనేవారికి ఇందులో చిక్కు ఏమిటంటే, పిల్ల పుట్టినప్పుడు ఒత్తయిన మెరిసే జుట్టుతోనే ఉంటుంది. సమస్య సాధారణంగా ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య బయటపడుతుంది. అప్పటికి అమ్మినవారి ఫోను నంబరు కూడా మారిపోయి ఉండవచ్చు. దురద, జుట్టు ఊడడం చూడగానే మనవాళ్లు గజ్జి అనో, పిడుదుల వల్ల అనో అనుకుని మందులు మారుస్తూ నెలలు గడిపేస్తారు. చర్మం గీకి పరీక్షించి పురుగు, తామర లేవని నిర్ధారించుకున్నాక, పీకిన కొన్ని వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో చూస్తే రంగు ముద్దలు కనిపిస్తాయి. గోధుమరంగు మచ్చలున్న బ్లూ కుక్కలో ఇంకొక గుర్తు ఉంది: జుట్టు బ్లూ భాగంలోనే ఊడుతుంది, గోధుమరంగు భాగం చెక్కుచెదరదు. దీనికి చికిత్సతో నయం కావడం ఉండదు; తగిన షాంపూలతో స్నానం, కురుపులకు మందులు, మన ఎండల నుంచి రక్షణ, ఇంతే.

ఇక్కడ ఒక పరిమితిని నిజాయితీగా చెప్పాలి. d/d అయిన ప్రతి కుక్కకూ జుట్టు ఊడదు. వైమరానర్ జాతి కుక్కలన్నీ d/d అయినా వాటిలో ఈ సమస్య అరుదు. డాబర్మన్, డాషౌండ్ జాతుల బ్లూ, ఇసబెల్లా కుక్కల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి జన్యు పరీక్ష రంగును నిర్ధారిస్తుందే కాని ఆ పిల్లకు జుట్టు నిలుస్తుందో లేదో చెప్పలేదు. అదే వంశంలో మూడేళ్లు దాటిన బ్లూ కుక్కలను ప్రత్యక్షంగా, వీపు మీద చెయ్యి వేసి చూడడమే కొంతవరకు నమ్మదగిన మార్గం. మేము అడిగితే అటువంటివి "అన్నీ అమ్ముడయ్యాయి" అన్నారు. మేము మార్పిడికి ఒప్పుకోలేదు.

కొనే ముందు చేయగలిగిన పనిలో ముఖ్యమైనది ఒకటే. డాపుల్ లేదా తెల్ల పిల్ల అయితే తల్లిదండ్రులిద్దరి మెర్ల్ పరీక్ష నివేదికలు, మైక్రోచిప్ నంబరుతో సహా, అడగండి. వంశావళి పత్రాలు ఉన్నంత మాత్రాన ఈ పరీక్ష జరిగినట్టు కాదు. పిల్ల వినికిడిని చూసేటప్పుడు అది నిద్రపోతుండగా, మిగతా పిల్లలను వేరుచేసి, దాని వెనుక నుంచి తాళంచెవుల గుత్తి ఆడించండి. చప్పట్లు కొట్టినా, కాలు తాటించినా గాలి కదలికకో నేల అదురుకో లేస్తుంది, వినిపించిందనుకుంటాము. మిగతా పిల్లలతో కలిపి చూస్తే అవి లేచినప్పుడు ఇదీ లేస్తుంది. మాకు అలాగే చూపించారు. ఒక చెవి మాత్రమే పోయిన పిల్లను ఇంట్లో ఏ విధంగానూ కనిపెట్టలేము, దానికి శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బేయర్ అనే పరీక్ష కావాలి.

కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పిల్లలను పెట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు నంబరు అడగండి, ఇవ్వకపోతే అక్కడే ఆగండి. ఇప్పటికే కొని మోసపోయినవారు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రుజువు, పశువైద్యుల లిఖిత నివేదిక దాచిపెట్టుకోండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది, 1915 నంబరుకు ఫోను చేసి విధానం తెలుసుకోవచ్చు.

ఆ లేత ఎరుపు మగకుక్కను ఇప్పుడు "క్లియర్ క్రీమ్ స్టడ్" పేరుతో జతకట్టించడానికి ఇస్తామని ప్రకటిస్తున్నారు. డాపుల్ ఆడకుక్క ఉన్న ఎవరైనా మేడ్చల్, కొంపల్లి, అల్వాల్ వైపు నుంచి ఇటువంటి మగకుక్క కోసం మాట్లాడుతూ ఉంటే, M/m కాదని, m/m అని రాసి ఉన్న నివేదికను, దాని మీది చిప్ నంబరు ఆ కుక్కదేనని సరిచూసుకున్న తరువాతే జతకు ఒప్పుకోండి.