ఆగ్నేయం గదికి వైఫై: ఎనిమిది నెలలు ఎక్స్‌టెండర్లతో, రెండేళ్లు మెష్‌తో

మాది రాజమండ్రిలో పడమర ముఖం ఇల్లు. కింది పోర్షన్ నాన్న కట్టించారు, పైది నేను ఉద్యోగంలో చేరాక వేయించాం. రోడ్డు పడమర కాబట్టి ఫైబర్ తీగ ముందు హాల్లోకే వచ్చింది. వాయవ్యం మూలన టీవీ పక్కన రౌటర్ బిగించి వెళ్లిపోయారు. వంటగది వాస్తు ప్రకారం ఆగ్నేయంలో, అంటే ఇంటి వెనక ఉంది. దాని పైన ఉన్న గదే నేను కూర్చుని పనిచేసేది. ఐమూలగా చూస్తే మా ఇంట్లో ఇంతకన్నా దూరం లేదు. మధ్యలో స్లాబు, రెండు ఇటుక గోడలు, అవి చాలవన్నట్టు అమ్మ ఇనప బీరువా.

మా ప్లాన్ 150 ఎంబీపీఎస్. హాల్లో అంతా వస్తుంది. ఆ గదిలో మాత్రం రెండో మూడో, సిగ్నల్ మైనస్ 84. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. వీడియో కాల్ తెగకుండా నడవాలంటే మైనస్ 67 దాకా అయినా రావాలి.

మొదట పదిహేను వందల లోపు దొరికే ఎక్స్‌టెండర్ కొన్నాను, రౌటర్ సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే డబ్బా, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్నది. అందరూ చేసే తప్పే నేనూ చేశాను: సిగ్నల్ రాని గదిలోనే దాన్ని సాకెట్‌కి తగిలించాను. ఫోన్‌లో గీతలన్నీ నిండిపోయాయి. స్పీడ్ చూస్తే 3. ఆ గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య బలాన్ని చూపిస్తాయి తప్ప, ఎక్స్‌టెండర్‌కి కింది రౌటర్ ఎంత వినపడుతోందో చెప్పవు. అక్కడ దానికి వినపడేదీ ఆ మైనస్ 84 సిగ్నలే.

దాన్ని తీసుకెళ్లి మెట్ల మలుపులో, ల్యాండింగ్ దగ్గర పెట్టాను. మెట్ల దగ్గర స్లాబు తెరిచి ఉంటుంది కాబట్టి మా ఇంట్లో పైకి సిగ్నల్ వచ్చే దారి అదే. అక్కడ రౌటర్ మైనస్ 62లో అందుతోంది. ఇప్పుడు గదిలో 21 వచ్చింది. మూడుతో పోలిస్తే పండగే. కానీ అదే ల్యాండింగ్‌లో నిలబడి ఫోన్‌ని నేరుగా రౌటర్‌కి కలిపితే, అదే 2.4 మీద, 52 వస్తోంది. ఎక్స్‌టెండర్ పక్కనే నిలబడి దానికి కలిపితే 25. డబ్బా పాడైందేమో అని మార్పించుకున్నాను కూడా. కొత్తదీ అంతే.

పాడైంది ఏమీ లేదు. దాని పుట్టుకే అంత. దానికి ఉన్నది ఒకే రేడియో, అదీ రౌటర్ ఏ ఛానెల్ మీద ఉందో ఆ ఛానెల్ మీదే ఉండాలి. తను మాట్లాడుతున్నప్పుడు తన గొంతే తన చెవుల్లో మోగిపోతుంది కాబట్టి అదే సమయంలో రౌటర్ మాట వినలేదు. పెళ్లి బంతిలో ఒకే మనిషి వంటశాల నుంచి గంగాళం మోసుకొచ్చి తనే వడ్డించాల్సి వస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మోస్తున్నంతసేపు వడ్డన ఆగుతుంది, వడ్డిస్తున్నంతసేపు మోత ఆగుతుంది. ప్రతి ముక్కా గాల్లో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది, ఒకసారి రౌటర్ నుంచి ఎక్స్‌టెండర్‌కి, మళ్లీ ఎక్స్‌టెండర్ నుంచి ఫోన్‌కి.

అందుకే ఎక్స్‌టెండర్‌తో స్పీడ్ సగం అవుతుందంటారు. సరిగ్గా సగం అనేది ఆ రెండు ప్రయాణాలూ, అంటే రెండు అంగలూ, సమానమైతేనే. ఎక్స్‌టెండర్ పక్కనే నిలబడినప్పుడు 52లో 25 వచ్చింది అందుకే. నా గదిలో లెక్క వేరు, రెండో అంగ ఇంకా బలహీనం. దాన్ని విడిగా కొలవడానికి పాత ల్యాప్‌టాప్‌ని తీగతో ఎక్స్‌టెండర్ ల్యాన్ పోర్టుకి కలిపి, గదిలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి iperf3 అనే స్పీడ్ కొలిచే ప్రోగ్రామ్‌తో ఇలా చూశాను. మొదటి లైను పాత దానిలో, రెండోది గదిలో ఉన్న దానిలో. ఆ అంకెలు పాత ల్యాప్‌టాప్ చిరునామా.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.20 -R
```

40 ఎంబీపీఎస్ చూపించింది. ఇక లెక్క తేలికే. 100 మెగాబిట్లు రావాలనుకుందాం. మొదటి అంగకి 52 చొప్పున 1.9 సెకన్లు, రెండో అంగకి 40 చొప్పున 2.5 సెకన్లు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి కాబట్టి మొత్తం 4.4 సెకన్లు. 100ని 4.4తో భాగిస్తే 22.7. నాకు వచ్చింది 21. ఆ కాస్త తేడా పక్కింటి వాళ్ల వైఫై ఖాతాలో వేసుకోండి, మా వీధిలో 2.4 మీద ఒక్క ఛానెల్ కూడా ఖాళీ లేదు.

ఇందులో ఇంకో నష్టం ఉంది, అది ఎక్స్‌టెండర్ వాడని వాళ్లకి. నేను పైన ఏదైనా డౌన్‌లోడ్ పెడితే ఆ ఛానెల్ గాలి రెండింతలు ఖర్చవుతుంది. కింద 2.4 మీదే ఉన్న నాన్న ఫోన్‌లో వార్తలు గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. "పైన ఏం చేస్తున్నావురా?" అని మెట్ల కింద నుంచి కేక వచ్చేది.

ఐదు నెలల తర్వాత రెండు బ్యాండ్ల ఎక్స్‌టెండర్‌కి మారాను. దీనిలో రౌటర్ వైపు 5 గిగాహెర్ట్జ్, నా వైపు 2.4 వాడేలా సెట్టింగ్ ఉంది. ఇప్పుడు మోసేవాడు వేరు, వడ్డించేవాడు వేరు, కాబట్టి సగం అవడం ఆగింది. గదిలో 38 వచ్చింది, అంటే రెండో అంగ 40లో దాదాపు అంతా. కానీ 2.4 ఇచ్చేదే అంత, పైకి పోదు. దీనికన్నా విసిగించింది వేరే సంగతి. దాని నెట్‌వర్క్ పేరు చివర `_EXT` అని వేరేగా ఉండేది. కాల్ మాట్లాడుతూ మెట్లు ఎక్కితే ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడి, పై మెట్టు దగ్గర తెగిపోయేది. కరెంటు పోయి వస్తే రౌటర్ లేవకముందే ఎక్స్‌టెండర్ లేచి, దాన్ని వెతికి దొరక్క అలాగే ఎర్రలైటుతో కూర్చునేది. మళ్లీ ప్లగ్ పీకి పెట్టాల్సిందే. వేసవిలో ఇది రోజువారీ పని.

అలా ఎనిమిదో నెలలో రెండు డబ్బాల మెష్ కొన్నాను, పది వేలకి కాస్త లోపు. మెష్ అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే డబ్బాలు. వైఫై 6, రెండు బ్యాండ్లు. ఒకటి రౌటర్ పక్కన, రెండోది అదే ల్యాండింగ్‌లో. గదిలో 90 వచ్చింది. మెష్ అంటే సగం అవదని కొట్లో చెప్పారు, నేనూ నమ్మాను. తర్వాత కొలిస్తే అవుతోంది. రెండు డబ్బాల మధ్య 260, రెండో డబ్బా నుంచి గదికి 150. పైన చేసిన లెక్కే మళ్లీ చేస్తే 95 వస్తుంది. రెండు బ్యాండ్ల మెష్‌లో డబ్బాల మధ్య మాటా, నా ల్యాప్‌టాప్‌తో మాటా ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియో మీద నడుస్తాయి. మూలసూత్రం పదిహేను వందల ఎక్స్‌టెండర్‌దే. అంగలు రెండూ పెద్దవి కావడంతో సగమైనా ఎక్కువ మిగిలింది, అంతే తేడా. మూడో రేడియోని డబ్బాల మధ్య మాటకే కేటాయించిన మెష్‌లు ఉన్నాయి. వాటిలో ఈ బాధ తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

మెష్ నిజంగా బాగుచేసింది మెట్ల మీద కాల్‌ని. రెండు డబ్బాలకీ ఒకే పేరు, పైకి వెళ్తుంటే దగ్గరి డబ్బాకి మారమని అవి ఫోన్‌కి సూచిస్తాయి. మారాలా వద్దా అన్నది మాత్రం ఫోన్ ఇష్టమే. నాన్న పాత ఫోన్ ఇప్పటికీ ఎవరి మాటా వినదు.

పెట్టేటప్పుడు రెండు పనులు మర్చిపోకూడదు. ఫైబర్ వాళ్ల రౌటర్ అలాగే ఉంటే మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే రౌటర్ వెనక ఇంకో రౌటర్ తయారై, బయటి నుంచి కెమెరా చూడటం లాంటివి మొండికేస్తాయి. రెండోది, ఫైబర్ రౌటర్ సొంత వైఫై ఆపేయాలి. నేను నెల రోజులు ఆపలేదు, ఫోన్లన్నీ వెళ్లి దాన్నే పట్టుకునేవి.

నాలుగు నెలలయ్యాక తీగ లాగించాను. దీనికి ముందే లాగించి ఉంటే ఈ కథంతా ఉండేది కాదు. హాల్లోంచి బయటి గోడ మీదుగా పైకి, 25 మీటర్ల క్యాట్ 6, పీవీసీ పైపులో. కరెంటు తీగల పైపులో వేస్తానన్నాడు పనివాడు, వద్దని వేరే పైపు వేయించాను. తీగ పూర్తి రాగిదే తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది చవగ్గా అంటగడతారు.

అంతా అయ్యాక గదిలో స్పీడ్ 94. వైర్‌లెస్‌లో వచ్చినదానికి నాలుగు ఎక్కువ! రెండు రోజులు మెష్‌నే తిట్టుకున్నాను. మూడో రోజు ఆ 94 మీద అనుమానం వచ్చింది. ఎన్నిసార్లు చూసినా అదే అంకె, అటూ ఇటూ కదలట్లేదు. వైఫై ఎప్పుడూ అంత నిలకడగా ఉండదు. 93, 94 దగ్గర బిగుసుకుపోయిందంటే ఎక్కడో తీగ 100 ఎంబీపీఎస్ లంకె మీద నడుస్తున్నట్టు. క్యాట్ 6లో నాలుగు జతల తీగలుంటాయి. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. హాల్లో ఉన్న కొస క్రింపింగ్‌లో గోధుమరంగు తీగ ఒకటి లోపలిదాకా వెళ్లలేదు. కోసి మళ్లీ క్రింప్ చేస్తే 148.

తీగ వచ్చాక రెండో డబ్బాని ల్యాండింగ్ నుంచి తీసి నా గదిలోనే పెట్టాను. అప్పుడు తప్పైనది ఇప్పుడు సరైంది, ఎందుకంటే రౌటర్ మాట దానికి గాల్లోంచి కాక తీగలోంచి వస్తోంది. రౌటర్‌కి పింగ్, అంటే మాట వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎక్స్‌టెండర్ రోజుల్లో 5 నుంచి 60 మిల్లీసెకన్ల దాకా ఎగిరేది, ఇప్పుడు 3, 4 దాటదు. మీటింగుల్లో నా గొంతు రోబోలా మారడం ఆగింది స్పీడ్ వల్ల కాదు, దీనివల్ల.

కొనేవాళ్లకి నేను చెప్పేది ఇది. ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయి, ఆ మూల గదిలో ఒక టీవీ మాత్రమే నడవాలంటే, ల్యాండింగ్‌లో రెండు బ్యాండ్ల ఎక్స్‌టెండర్ చాలు. తీగ లాగడానికి ఇంట్లో వీల్లేక, కాల్ మాట్లాడుతూ తిరిగే అలవాటుంటే మెష్ కొనండి, వీలైతే మూడు రేడియోలది. తీగ లాగగలిగితే మాత్రం మెష్ కూడా తప్పనిసరి కాదు. అటక మీద పాత రౌటర్ ఉంటే ఫోన్లకి చిరునామాలు పంచే దాని డీహెచ్‌సీపీ ఆపి, చిరునామా 192.168.1.2 లాంటిది ఇచ్చి, తీగని వ్యాన్ పోర్టుకి కాక ల్యాన్ పోర్టుకి గుచ్చితే పని అయిపోతుంది. గిగాబిట్ పోర్టు లేని పాత రౌటర్ అయితే మళ్లీ ఆ 94 దగ్గరే ఆగుతుంది.

నా మొదటి ఎక్స్‌టెండర్ ఇప్పుడు వరండాలో ఉంది, గేటు కెమెరా దాని మీదే నడుస్తోంది. ఆ కెమెరాకి 2 ఎంబీపీఎస్ చాలు.