హీలియోస్-44-2: ఫొటోల్లో చూసి పాత లెన్స్‌ని ఎలా అంచనా వేయాలి? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

హీలియోస్-44-2 సోవియట్ కాలంలో జెనిట్ కెమెరాలతో వచ్చిన 58 మి.మీ. లెన్స్, ఎపర్చర్ 2. జర్మన్ బయోటార్ డిజైన్ దీనికి మూలం. మిర్రర్‌లెస్ కెమెరాకి ఒక మామూలు ఎం42 అడాప్టర్‌తో ఎక్కుతుంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే మధ్యలో మనిషి ముఖం మెత్తగా, వెనకున్న ఆకులు సుడి తిరుగుతున్నట్టు వస్తాయి. 5.6కి మూస్తే అదే లెన్స్ అంచుల దాకా పదునుగా మారుతుంది. ఎదురు వెలుతురులో మాత్రం బలహీనం. ఎండ నేరుగా పడితే బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఆటోఫోకస్ లేకపోవడం, ఎపర్చర్‌కి రెండు రింగులు ఉండడం వారంలో అలవాటైపోతాయి. వాడకంలో అసలు తేడా తెచ్చేది చేతికి ఏ ప్రతి వచ్చిందన్నదే. ఆ ప్రతిని ఎక్కువమంది అమ్మకందారు పెట్టిన నాలుగైదు ఫొటోలు చూసే ఎంచుకోవాలి.

అందరూ మొదట చూసేది ముందు రింగు మీది సీరియల్ నంబర్. ఈ లెన్స్‌లో సాధారణంగా మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. 78తో మొదలైతే 1978. అయితే ఆ పేరు రింగు కేవలం మర మీద బిగించింది. రబ్బరు ముక్క ఆనించి తిప్పితే ఊడి వస్తుంది, ఇంకో లెన్స్ రింగు తెచ్చి బిగించవచ్చు. నంబర్ చెప్పేది రింగు వయసు, లెన్స్ వయసు కాదు. అందుకే ఫొటోలను వెనక నుంచి ముందుకు చూడడం మంచిది. సీరియల్ చివర.

వెనక భాగంలో మౌంట్ మీద మొదట వెతకాల్సింది ఒక చిన్న పిన్. 44-2లో అది ఉండదు, ఎందుకంటే ఎపర్చర్‌ని చేత్తోనే మూయాలి. తర్వాత వచ్చిన 44ఎమ్ కుటుంబంలో కెమెరా నొక్కితే ఎపర్చర్ మూసుకోవడానికి ఆ పిన్ పెట్టారు. ముందు 44-2 అని చెక్కి వెనక పిన్ కనిపిస్తే రింగు మార్చారన్నమాట. ఇంత తేలికైన పరీక్ష ఇంకోటి లేదు, అయినా వెనక ఫొటో లేని ప్రకటనలే ఎక్కువ. అడిగి తెప్పించుకోండి.

ఆ ఫొటోలోనే థ్రెడ్‌ని పెద్దది చేసి చూడండి. ఎం42 థ్రెడ్ ఒక్కో చుట్టుకి 1 మి.మీ. దూరం. చాలాసార్లు బిగించి విప్పిన లెన్స్‌లో చుట్ల కొనలు సమానంగా మెరుస్తాయి, అది వాడకం గుర్తు, తప్పేమీ కాదు. మొదటి చుట్టు ఒక్కచోట నలిగి, అక్కడే లోహం బయటపడితే వంకరగా బిగించారని అర్థం. అలాంటిది అడాప్టర్‌లో సగంలో ఇరుక్కుంటుంది, బలం పెడితే అడాప్టర్‌ని కూడా పాడుచేస్తుంది.

ఫోకస్ రింగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. దీన్ని పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలు. సోవియట్ గ్రీజు ఏళ్లకి గట్టిపడుతుంది కాబట్టి ఈ లెన్స్‌లను తరచూ విప్పి కొత్త గ్రీజు పెడతారు. స్క్రూల తలల గాడి చిరిగి మెరుస్తుంటే ఎవరో విప్పారు. విప్పడం నేరం కాదు, తిరిగి ఎక్కడ బిగించారన్నదే ప్రశ్న. కాస్త పక్కకి బిగిస్తే రింగు మీద అంకెలు బాగానే కనిపిస్తాయి, దూరపు కొండ మాత్రం ఎప్పటికీ స్పష్టంగా రాదు. అంకెల ఫొటోతో ఇది తేలదు. రెండు పక్క ఫొటోలు అడగండి, ఒకటి రింగు అనంతం గుర్తు దగ్గర ఆగినప్పుడు, ఇంకోటి 0.5 మీటర్ల దగ్గర. రెంటి మధ్య లెన్స్ సుమారు 9 మి.మీ. ముందుకు జరగాలి. 58 మి.మీ. లెన్స్ అర మీటరు దూరాన్ని పట్టడానికి కావాల్సిన జరుగుడు అంతే. అంతకన్నా బాగా తక్కువుంటే విప్పి బిగించినప్పుడు ఏదో తప్పు జరిగిందని అనుమానించాలి. రింగుని అనంతం దగ్గర ఆపి తీసిన దూరపు చెట్టు ఫొటో కూడా ఒకటి పంపమంటే సందేహం పూర్తిగా తీరుతుంది.

గాజు మీది ప్రతిబింబాలు అన్నిటికన్నా ఎక్కువ చెబుతాయి. ఈ లెన్స్‌లో ఆరు గాజులు నాలుగు గుంపులుగా ఉంటాయి, అంటే గాలికి తగిలే తలాలు ఎనిమిది. కిటికీ వెలుతురు పడేలా వంచి తీస్తే వాటిలో కొన్ని వేర్వేరు సైజుల్లో చుక్కలుగా కనిపిస్తాయి. 44-2కి ఉన్నది ఒకే పొర పూత, కాబట్టి చుక్కలు నీలం, ఊదా, తేనె రంగుల్లో ఉంటాయి. ముదురు ఆకుపచ్చ చుక్కలు బలంగా కనిపిస్తే బహుళ పొరల పూత ఉన్న గాజు కావచ్చు, రింగు కథని మళ్లీ పరిశీలించాలి. అన్నీ రంగులో ఉండి ఒక్కటి మాత్రం తెల్లగా, పెద్ద వెలుతురుతో ఉంటే ఆ తలం మీద పూత తుడిచేశారు. పూత లేని గాజు తన మీద పడ్డ వెలుతురులో దాదాపు 4 శాతం తిప్పికొడుతుంది, పూత ఉన్నది అందులో మూడో వంతు. అందుకే అది ఎగిసి కనిపిస్తుంది. ఫోన్ కెమెరా రంగుల్ని మార్చేస్తుంది కాబట్టి ఫ్రేములో ఒక తెల్ల కాగితం పెట్టి, ఫ్లాష్ లేకుండా తీయమనండి.

పొర, ఫంగస్ ఈ ప్రతిబింబాల్లో దాక్కుంటాయి. వాటికి వెనక నుంచి టార్చ్ వేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీసిన ఫొటో కావాలి. గాజు మధ్యలో సన్నటి బూడిద పొర ఉంటే చాలావరకు గ్రీజు ఆవిరి, ఎపర్చర్ రేకుల పక్క తలాల మీద చేరుతుంది, విప్పి తుడవచ్చు. అంచు నుంచి వేళ్లలా పాకే తెల్ల దారాలు ఫంగస్. అది పూతని తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. విశాఖ, కాకినాడ లాంటి కోస్తా ఊళ్ల ఉక్కపోతలో చిన్న ఫంగస్ కూడా పెరుగుతుంది, అక్కడివాళ్లు ఇలాంటి ప్రతిని వదిలేయడమే మేలు. రేకుల మీద నూనె మెరుపు ఉంటే 44-2లో భయపడక్కర్లేదు, రేకుల్ని చేత్తోనే తిప్పుతాం కాబట్టి నూనె వాటిని ఆపలేదు. 44ఎమ్‌లో అయితే అదే నూనె ఎపర్చర్‌ని కదలనివ్వదు.

ఇక చెక్కడం. అసలు అంకెలు లోహంలోకి తవ్వి రంగు నింపినవి. పక్క వెలుతురులో గాడి అంచుకి సన్నని నీడ ఉంటుంది, గీతలన్నీ ఒకే వెడల్పులో, కొనలు గుండ్రంగా ఉంటాయి. అచ్చువేసినవైతే నీడ ఉండదు. రింగంతా అరిగి అంకెలు మాత్రం కొత్త తెలుపుతో, రంగు గాడి దాటి పొంగి ఉంటే తర్వాత ఎవరో నింపారు. వాడకానికి దానివల్ల నష్టమేమీ లేదు, ధర పెంచడానికి మాత్రం అది కారణం కాకూడదు.

ఒక ప్రకటన ఇలా ఉందనుకుందాం. సీరియల్ 79తో మొదలవుతుంది, వెనక పిన్ లేదు, థ్రెడ్ బాగుంది. ఫోకస్ రింగు స్క్రూలు రెండు చిరిగాయి. ప్రతిబింబాల్లో పెద్ద చుక్క తెల్లగా ఉంది, లెన్స్‌ని వంచిన రెండో ఫొటోలోనూ అది ముందు గాజు మీదే కనిపిస్తోంది. దూరపు చెట్టు ఫొటో మసకగా వచ్చింది. ఫోకస్ తప్పు సరిదిద్దగలిగేదే, మూడు స్క్రూలు వదులు చేసి అనంతాన్ని మళ్లీ కుదిర్చి బిగిస్తే చాలు, సన్న స్క్రూడ్రైవర్ ఉంటే చాలావరకు ఇంట్లోనే అవుతుంది. పోయిన పూత తిరిగి రాదు, ఎదురు వెలుతురులో ఇంకా తెల్లబడుతుంది, 49 మి.మీ. హుడ్ కొంత అడ్డుకుంటుంది. టార్చ్ ఫొటో శుభ్రంగా వస్తే బాగున్న ప్రతి ధరలో సగానికి తీసుకోవచ్చు. అమ్మకందారు టార్చ్ ఫొటో ఇవ్వనంటే సగం ధరకి కూడా వద్దు.