రూటర్‌లో వీపీఎన్ పెడితే లెక్కలో ఒకటా, ఎనిమిదా?

మా ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ట్యాబ్, ఒక టీవీ ఉన్నాయి. తీసుకున్న వీపీఎన్ ప్లాన్ ఏమో ఐదింటికే. దేన్ని వదిలేయాలని ఇంట్లో పంచాయితీ నడుస్తుంటే, "రూటర్‌లో పెట్టేస్తే పోలా?" అన్నాడు మా తమ్ముడు. వెనకున్న ఎనిమిదింటినీ లెక్కేస్తారేమోనని నా అనుమానం. వేయరు, ఒకటే అవుతుంది.

కారణం తేలికైనదే. కంపెనీ సర్వర్‌ లెక్కపెట్టేది మన ఇంట్లో వస్తువుల్ని కాదు, తన దగ్గరికి వచ్చే టన్నెళ్లని, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్లని. టీవీ, ఫోన్, ట్యాబ్ పంపేవన్నీ రూటర్‌ తీసుకుని, తన చిరునామా మీదే టన్నెల్లోకి తోస్తుంది. జవాబులు రాగానే ఏది ఎవరిదో తానే చూసి పంచుతుంది. సర్వర్‌కి కనిపించేది ఒక్క రూటరే. అదే రూటర్‌లో రెండు దేశాలకు రెండు టన్నెళ్లు తెరిస్తే మాత్రం రెండు లెక్క. రూటర్ టన్నెల్ నడుస్తుండగా ఇంట్లో ఫోన్లో యాప్ కూడా ఆన్ చేస్తే, టన్నెల్లో టన్నెల్ నడుస్తుంది. స్పీడ్ తగ్గుతుంది, లెక్కలోనూ ఇంకొకటి పెరుగుతుంది.

లెక్కించే పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు. నార్డ్‌వీపీఎన్ లాంటివి ఒకే సమయంలో ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూస్తాయి, కాబట్టి ఫోన్లో యాప్ ఆపేస్తే ఆ చోటు ఇంకొకరికి దొరుకుతుంది. మల్వాడ్ ఎన్ని డివైజ్‌లు లాగిన్ అయి ఉన్నాయో చూస్తుంది, పరిమితి ఐదు. అక్కడ యాప్ ఆపితే చాలదు, లాగౌట్ చేయాలి. సర్ఫ్‌షార్క్‌లో పరిమితే లేదు. అది వాడేవాళ్లకు ఈ తలనొప్పిలో సగం ఉండదు.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. వీపీఎన్ టన్నెల్ వేసే పద్ధతుల్లో వైర్‌గార్డ్ ఒకటి. రూటర్ కోసం తీసుకున్న దాని కాన్ఫిగ్ ఫైల్‌నే ల్యాప్‌టాప్‌లోనూ పెట్టాను, ఒక చోటు మిగులుతుందని. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే చాలు, ఇంట్లో టీవీ ఆగేది. కాసేపటికి టీవీ నడిచేది, ల్యాప్‌టాప్ ఆగేది. వైర్‌గార్డ్ సర్వర్ ఆ ఫైల్‌లో ఉండే ఒక్కో కీని ఒక్కచోటే గుర్తుపెట్టుకుంటుంది. చివరగా ఎక్కడినుంచి మాట వచ్చిందో జవాబులు అక్కడికే పంపుతుంది. ఒకే కీతో ఇద్దరు మాట్లాడితే జవాబులు అటూ ఇటూ ఊగుతాయి. లినక్స్ ల్యాప్‌టాప్‌లో గానీ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రూటర్‌లో గానీ ఇది కొట్టి చూడండి, ల్యాప్‌టాప్‌లో అయితే ముందు `sudo` చేర్చాలి:

```
wg show
```

`latest handshake`, అంటే సర్వర్‌తో చివరిసారి కీలు సరిచూసుకోవడం, ఎంతసేపటి క్రితం జరిగిందో అందులో ఉంటుంది. వీడియో చూస్తుండగా అది ఐదారు నిమిషాల నాటిదని చూపిస్తే, ఆ టన్నెల్ పనిచేయట్లేదని లెక్క. పరిష్కారం ఒకటే, ఒక్కోదానికీ విడి కీ.

ఇంకో పద్ధతైన ఓపెన్‌వీపీఎన్‌లో చిక్కు వేరు. కరెంటు పోయి రూటర్ హఠాత్తుగా ఆగితే, సర్వర్‌కి ఆ విషయం వెంటనే తెలియదు. పాత సెషన్ కొంతసేపు లెక్కలోనే ఉంటుంది. కరెంటు రాగానే రూటర్ మళ్లీ కలవబోతుంది, అప్పటికే ఐదూ నిండి ఉంటే లాగ్‌లో `AUTH_FAILED` అని వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని మార్చేసి నేనొక సాయంత్రం పోగొట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలు ఆగితే సరిపోయేది.

మరి ఏది మేలు? యాప్‌కి ఇంటి బయట తిరుగులేదు. రూటర్ టన్నెల్ గేటు దాటిన ఫోన్‌కి పనికిరాదు. యాప్ పెట్టడానికి వీలులేని పాత టీవీకి మాత్రం రూటరే దిక్కు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో వీపీఎన్ క్లయింట్ చాలావరకు ఉండదు, దాని వెనక ఇంకో రూటర్ కొనాలి. చవక రూటర్‌ ప్రాసెసర్ ఎన్‌క్రిప్షన్ బరువు మోయలేదు. మా 100 ఎంబీపీఎస్ లైన్ మీద పాత రూటర్‌ ఓపెన్‌వీపీఎన్‌లో 15 దాటలేదు, వైర్‌గార్డ్‌లో 60 దాకా వచ్చింది. పైగా ఇల్లంతా వేరే దేశం నుంచి మాట్లాడుతున్నట్టు కనిపించేసరికి అమ్మ ఫోన్లో బ్యాంకు యాప్ మొరాయించింది.

అందుకే మేం రెండూ కలిపాం. రెండో రూటర్‌లో విడి వైఫై పేరు పెట్టి టీవీ, ట్యాబ్, ల్యాప్‌టాప్‌లు దానికే కలిపాం. లెక్కలో ఒకటి. బయట తిరిగే నాలుగు ఫోన్లకూ యాప్‌లు, అవి నాలుగు. అమ్మ ఫోన్లో మాత్రం యాప్ ఎప్పుడూ ఆఫే. దాన్నీ లెక్కేసుకున్నా మొత్తం ఐదే. చుట్టాలెవరైనా వచ్చి వైఫై అడిగితే వీపీఎన్ లేని మొదటి రూటర్ పాస్‌వర్డే ఇస్తాం.