సెటిల్‌మెంట్ ఫైల్‌తో మూడేళ్లు: బ్యాంకులో పడ్డ ఒక్క అంకె వెనక 412 ఆర్డర్లు

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లకి ప్రతి రెండు వారాలకీ డబ్బుతో పాటు ఒక సెటిల్‌మెంట్ ఫైల్ వస్తుంది కదా, ఈ సమీక్ష దాని గురించే. పైన కనిపించే ఒక పేజీ సారాంశం గురించి కాదు, డౌన్‌లోడ్ చేసుకుంటే వేల వరసలతో తెరుచుకునే అసలు ఫైల్ గురించి. మా అకౌంట్స్ టీంలో ముగ్గురం, మూడేళ్లుగా ఏ పేఔట్ వచ్చినా ముందు దీన్నే తెరుస్తున్నాం. ముందే చెప్పేస్తున్నా, ఇది లేకపోతే మా లెక్కలు తేలవు. అయితే సరిగ్గా చదవడం నేర్చుకోవడానికి మాకు ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదిలో చేసిన తప్పుల్లో కొన్ని ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి చెప్పాలనిపించి రాస్తున్నాను.

మొదట్లో మేం చేసింది చాలామంది చేసేదే. బ్యాంకులో 4,08,124 పడితే దాన్నే ఆ రెండు వారాల సేల్స్ అని రాసేశాం. బ్యాంకు స్టేట్‌మెంట్ టాలీ అవుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆ సైకిల్‌లో 412 ఆర్డర్ల కింద మేం అమ్మిన సరుకు విలువ 5,00,000, దాని మీద కొన్నవాళ్లు కట్టిన పన్ను 50,000. అంటే అమ్మకాలు తక్కువ చూపించాం, కమిషన్ ఖర్చు పుస్తకాల్లోకే రాలేదు, ప్లాట్‌ఫాం మా పేరున కోసి కట్టిన పన్ను మాకు జమ ఉందన్న సంగతే తెలియలేదు. తప్పు బ్యాంకు దగ్గర ఎప్పటికీ బయటపడదు, పన్ను లెక్క వేసే రోజున బయటపడుతుంది. మాకు అలాగే బయటపడింది, ఆ వారం పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. మధ్యలో ఒక క్లియరింగ్ ఖాతా పెట్టుకున్నాం. సరుకు వెళ్లిన రోజున ఇన్‌వాయిస్ మొత్తం ఆ ఖాతాలో డెబిట్ అవుతుంది, ఎందుకంటే ఆ డబ్బు మాకు రావాల్సింది ప్లాట్‌ఫాం నుంచి. ఫైల్ వచ్చాక అందులోని రీఫండ్లు, ఫీజులు, కోసిన పన్ను, ప్లాట్‌ఫాం అప్పటికి ఇవ్వకుండా ఆపి ఉంచిన రిజర్వు ఒక్కొక్కటీ దాని దాని ఖాతాకి వెళ్తాయి, ఆ మేరకు క్లియరింగ్ తగ్గుతుంది. చివర్లో బ్యాంకులో పడిన డబ్బు కొట్టేస్తే ఆ సైకిల్‌కి క్లియరింగ్ సున్నా కావాలి. కాకపోతే మిగిలిన అంకెలోనే జవాబుంటుంది, దాన్ని వెతకడమే మా పని.

ఇందాక చెప్పిన 4,08,124నే తీసుకుందాం. పన్నుతో కలిపి అమ్మకాలు 5,50,000. వెనక్కి వచ్చిన సరుకు విలువ 40,000, దాని పన్ను 4,000, ఈ రెండూ తీసేస్తే 5,06,000. కమిషన్ 12 శాతం చొప్పున 60,000, రవాణా ఫీజు 25,000, ఈ ఫీజుల మీద 10 శాతం పన్ను 8,500, ఇవి పోతే 4,12,500. వెనక్కి వచ్చిన సరుకు మీద మొదట కోసిన కమిషన్ 4,800ని పన్ను 480తో కలిపి తిరిగి ఇస్తారు, కానీ రవాణా ఫీజు మాత్రం ఇవ్వరు. దాంతో 4,17,780. నికర అమ్మకాల మీద 1 శాతం చొప్పున కోసిన పన్ను 4,600 పోతే 4,13,180. పోయినసారి ఆపిన రిజర్వు 18,000 వదిలారు, ఈసారి 22,000 ఆపారు, అక్కడ ఇంకో 4,000 తగ్గితే 4,09,180. బ్యాంకులో పడింది మాత్రం 4,08,124. తేడా 1,056.

మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి "మేడమ్, 1,056 అంత చిన్నది కదా, రౌండింగ్ కింద వేసేద్దామా?" అని అడిగింది. రౌండింగ్ తేడా అంత ఉండదమ్మా, వరసకి పైసల్లో ఉంటుంది, వేల వరసలున్నా కొన్ని అటు, కొన్ని ఇటు పోయి చిన్న అంకె దగ్గరే ఆగుతుంది అని చెప్పి, ఆ 1,056ని 1.1తో భాగించమన్నాను. 960 వచ్చింది. తేడాని పన్ను రేటు కలిపిన అంకెతో భాగిస్తే పైసలు మిగలని పూర్తి అంకె వస్తే అది చాలావరకు పన్నుతో కూడిన ఏదో ఒక ఫీజే అయి ఉంటుంది. ఈ చిన్న పరీక్ష మాకు ఎన్ని గంటలు మిగిల్చిందో చెప్పలేను. ఆ 960 సరిగ్గా 4,800లో అయిదో వంతు కావడంతో రీఫండ్ల వైపు చూడాలని అర్థమైంది.

అప్పుడు ఒకే ఒక్క రీఫండ్ ఆర్డర్ తీసి దాని వరసలన్నీ ఒకచోట పెట్టాం. సరుకు విలువ 2,000, పన్ను 200, మొదట కోసిన కమిషన్ 240, దాని పన్ను 24. రీఫండ్ రోజున 2,000, 200 వెనక్కి పోయాయి, 240, 24 తిరిగొచ్చాయి. అక్కడితో అయిపోయిందనుకున్నాం కానీ మూడు రోజుల తర్వాతి తేదీతో అదే ఆర్డర్ నంబర్ మీద ఇంకో రెండు వరసలున్నాయి: 48, దాని పన్ను 4.80. రీఫండ్ జరిపినందుకు తిరిగిచ్చిన కమిషన్లో 20 శాతం ప్లాట్‌ఫాం ఉంచుకుంటోంది. ఆ సైకిల్‌లోనే కొత్తగా మొదలైన ఫీజు అది, పేరూ కొత్తదే. మా దగ్గర ఫీజు పేరుని ఖాతాకి కలిపే ఒక పట్టిక ఉంది, అందులో లేని పేరు వస్తే ఆ వరసని మా దిగుమతి షీట్ వదిలేస్తోంది. డబ్బు ఎక్కడికీ పోలేదు, మా షీటే దాన్ని చూడలేదు.

ఆ రోజు నుంచి రెండు మార్పులు చేశాం. ఒకటి, ఏ వర్గీకరణా చెయ్యకముందే ఫైల్‌లోని అన్ని వరసల మొత్తాన్ని బ్యాంకు అంకెతో పోల్చడం. ఇది ఒక్క నిమిషం పని. ఇక్కడ సరిపోతే ఫైల్ పూర్తిగా ఉన్నట్టే, ఆపైన తేడా వస్తే అది మన పట్టికలోనిదే. ఇక్కడే సరిపోకపోతే ఫైల్ సగంలో ఆగిందో, వేరే సెటిల్‌మెంట్‌ది తీశామో చూసుకోవాలి. రెండోది, పట్టికలో లేని పేరు వస్తే వదిలెయ్యకుండా, ఎక్కడిదో తేలేదాకా సస్పెన్స్ ఖాతాలో పడెయ్యడం. సస్పెన్స్‌లో అంకె కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, వదిలేసిన వరసని ఎవరూ అడగరు.

ఇంకో తప్పు స్ప్రెడ్‌షీట్‌ది, అది మమ్మల్ని ఇంతకంటే ఎక్కువ ఏడిపించింది. మా ప్లాట్‌ఫాం ఆర్డర్ నంబర్లో 18 అంకెలుంటాయి, అన్నీ అంకెలే. మేం వాడే స్ప్రెడ్‌షీట్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. అందుకని ఆ నిలువు వరసని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుంటే చాలనుకున్నాం. చాలదు. టెక్స్ట్‌గా ఉన్నా సరే, మేం వాడిన ఈ ఫార్ములా దాన్ని మళ్లీ సంఖ్యగానే చూస్తుంది:

```
=SUMIFS(Amount, OrderID, A2)
```

దాంతో మొదటి 15 అంకెలు ఒకటైన రెండు వేర్వేరు ఆర్డర్ల డబ్బు ఒకే ఆర్డర్ కింద కలిసిపోయేది. ఒక్కరోజులో పక్కపక్కనే వచ్చిన ఆర్డర్లకి ఇలా జరగడం మామూలే. గుర్తు పట్టేది ఎలాగంటే, ఒక ఆర్డర్ మొత్తం దాని ఇన్‌వాయిస్‌కి రెట్టింపులా కనిపిస్తుంది, పక్క ఆర్డర్‌కీ అదే అంకె వస్తుంది. ఇప్పుడు దీన్ని వాడుతున్నాం, ఇది టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే పోలుస్తుంది:

```
=SUMPRODUCT((OrderID=A2)*Amount)
```

వరసలు ఎక్కువైతే ఇది నెమ్మదిగా నడుస్తుంది, అయినా సరైన అంకె వస్తోంది కాబట్టి మాకు ఫర్వాలేదు. ఆర్డర్ నంబర్లో అక్షరాలో గీతలో ఉన్నవాళ్లకి ఈ బాధ రాదు.

ఇక కోసిన పన్ను. దీన్ని ఖర్చులో వెయ్యకూడదు, ఇది మన పేరున ముందే కట్టిన పన్ను, రావాల్సిన ఆస్తిగా రాసుకోవాలి. మేం ఆ మాత్రం చేశాం, తేదీ దగ్గర దెబ్బతిన్నాం. ఇదే సైకిల్ 24న మొదలై తర్వాతి నెల 7న ముగిసింది, డబ్బు 9న పడింది. మేం 4,600 మొత్తాన్ని డబ్బు పడిన నెలలో రాశాం. ప్లాట్‌ఫాం మాత్రం ఒక్కో లావాదేవీ తేదీ ప్రకారం పన్ను శాఖకి చూపిస్తుంది, అందులో 2,750 మొదటి నెలది, 1,850 రెండోది. రెండు నెలలూ తేడాలొచ్చాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. తేడాలు సరిగ్గా ఒకే అంకె, గుర్తులు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి త్వరగానే పట్టుకున్నాం. ఇప్పుడు ఫైల్‌ని లావాదేవీ తేదీతో నెలలుగా విడగొట్టాకే పన్ను ఎంట్రీ వేస్తాం. ఫైల్‌లో సమయం యూటీసీలో ఉంటుందని కూడా గమనించండి, నెల చివరి రాత్రి ఆర్డర్లు కొన్ని మన పుస్తకాల్లో ఒక నెలలో, వాళ్ల ఫైల్‌లో ఇంకో నెలలో ఉంటాయి.

రిజర్వు గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, దానికి వేరే ఖాతా పెట్టండి, ఆ ఖాతాలో నిల్వ ఎప్పుడూ ప్లాట్‌ఫాం చూపించే ఆపిన మొత్తంతో సమానంగా ఉండాలి. మా విషయంలో అది 22,000.

ఫైల్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఏంటంటే, కొత్త ఫీజు మొదలైందని ఫైల్‌లో ఎక్కడా చెప్పరు, కొత్త పేరు చూసి మనమే తెలుసుకోవాలి. రెండో ఫిర్యాదు, ప్రకటనల ఖర్చు, గోడౌన్ అద్దె లాంటి వరసలకి ఆర్డర్ నంబర్ ఉండదు. ఆర్డర్ వారీగా కూడితే ఇవి ఎక్కడా చేరవు, అందుకే ఆర్డర్ల మొత్తం, ఖాళీ నంబర్ల మొత్తం రెండూ విడిగా తీసి కలిపి చూస్తాం. 1,056 విషయమై ప్లాట్‌ఫాం సపోర్ట్‌కి రాస్తే రేటు కార్డు లింకు పంపారు, ఆ ఫీజు అందులో ఉంది, మా సేల్స్ వాళ్లు దానికి అప్పటికే ఒప్పుకుంటున్నట్టు బటన్ నొక్కారు. ఇప్పుడు రేటు కార్డు మారిందంటే ఆ మెయిల్ మాకూ వచ్చేలా పెట్టించాను.